ఇండెక్స్‌ను దాటాం, అయినా క్లయింట్‌కి లక్ష పోయింది

"వచ్చే వారం మొదటిసారి క్వార్టర్లీ రివ్యూ చెప్పాలి. రిపోర్ట్‌లో మా రిటర్న్ బెంచ్‌మార్క్ కంటే ఎక్కువే ఉంది, కానీ క్లయింట్ డబ్బు తగ్గింది. ఇది ఆయనకి ఎలా చెప్పాలి?"

నాకూ ఒకసారి సరిగ్గా ఇలాగే అయింది. క్లయింట్ రిటైరైన అకౌంట్స్ ఆఫీసర్. నేను హుషారుగా "మనది 1.2 శాతం, ఇండెక్స్ 0.7 శాతం" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, "నేనిచ్చింది 70 లక్షలు, ఉన్నది 69. ఇందులో గెలిచిందెవరమ్మా?" అన్నారు.

ఆయన లెక్కా తప్పు కాదు, నాదీ తప్పు కాదు. క్వార్టర్ మొదట్లో 50 లక్షలున్నాయి. సగం క్వార్టర్‌కి 10 శాతం పెరిగి 55 అయ్యాయి. అప్పుడే ఆయన ఇంకో 20 వేశారు. ఆ 75 లక్షల మీద 8 శాతం పడి 69కి వచ్చింది. రిపోర్ట్‌లో వేసే టైమ్ వెయిటెడ్ రిటర్న్ డబ్బు ఎప్పుడు, ఎంత వచ్చిందో పట్టించుకోదు. 1.10ని 0.92తో గుణిస్తే 1.012, అంటే 1.2 శాతం లాభం. ఫండ్ మేనేజర్ పనితనానికి అది సరైన కొలతే. కానీ క్లయింట్ జేబు సంగతి అది చెప్పదు.

ఇప్పుడు నేను శాతాల కంటే ముందు నాలుగు అంకెలు రూపాయల్లో రాస్తాను: మొదట ఉన్నది, మధ్యలో వేసింది, చివర ఉన్నది, తేడా. దాని కిందే, అదే డబ్బు అవే తేదీల్లో ఇండెక్స్‌లో పెట్టి ఉంటే ఎంతయ్యేదో రాస్తాను. ఆ క్వార్టర్‌లో ఇండెక్స్ మొదట 6 శాతం పెరిగి, తర్వాత 5 శాతం పడింది. 50 కాస్తా 53 అయ్యేది, 20 కలిస్తే 73, అది పడి 69.35. అంటే శాతాల్లో ఇండెక్స్‌ను దాటినా, రూపాయల్లో మేం 35 వేలు వెనకబడ్డాం. ఎక్కువ డబ్బున్న రెండో సగంలోనే మేం ఎక్కువ పడ్డాం. ఇది ఆయన అడగకముందే చెప్పేయండి. తర్వాత బయటపడితే దాచారనుకుంటారు.

ఇండెక్స్ అంటే డివిడెండ్లు కలిపిన టీఆర్‌ఐనే తీసుకోండి. మన వైపు డివిడెండ్లు కలిపి, అటువైపు వదిలేస్తే దొంగ తూకమే. మీ ఫీజు పోయాక మిగిలిన రిటర్నే చూపించండి.

నష్టాల జాబితా శాతం వరసలో పెట్టకండి. 75 లక్షల్లో 2 శాతం ఉన్న షేరు 30 శాతం పడితే పోయేది 45 వేలు. 15 శాతం ఉన్నది 12 శాతం పడితే 1.35 లక్షలు. శాతం వరసలో మొదటిదే పైన కనిపించి, మీటింగ్ అంతా దాని మీదే నడుస్తుంది. అందుకే రూపాయల వరస. పక్కన "అమ్మేశాం", "ఇంకా ఉంది" అని ఒక కాలమ్ పెట్టండి. "ఇంకా ఉంది" అని రాసిన ప్రతిదానికీ ఎందుకు ఉంచారో ఒక్క వాక్యం సిద్ధం చేసుకోండి. ఆ క్లయింట్ పెద్దాయన రెండో ప్రశ్న అదే వేశారు, నా దగ్గర జవాబు లేదు.