పాప డిగ్రీ ఆడిట్‌లో 90 క్రెడిట్లు అయినాయి, మిగిలిన 30 ఒక్క ఏడాదిలో అవుతాయా?

"నమస్తే మేడం, మాది తిరుపతి. మా పాప ఇక్కడ బీటెక్ ఫస్టియర్ చదివి అమెరికాలో బీఎస్ కంప్యూటర్ సైన్స్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది. రెండేళ్లు అయినాయి. డిగ్రీ ఆడిట్ రిపోర్ట్ పీడీఎఫ్ పంపించింది, 120కి 90 అని ఉంది, కానీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో 94 ఉంది. కింద అంతా ఎర్రగా ఉంది. సెమిస్టర్‌కి 15 చేస్తే సరిపోతుంది కదా? పక్కింటి అబ్బాయి చేస్తున్నాడు, పాప ఏఐ మైనర్ కూడా చేస్తానంటోంది. చెయ్యమంటారా? ఇంకో సెమిస్టర్ ఫీజు కట్టే ఓపిక మాకు లేదు. పాప పోర్టల్ పాస్‌వర్డ్ తీసుకుని రాత్రుళ్లు నేనే చూస్తున్నా, అడ్వైజర్‌కి మెయిల్ కూడా పెట్టినా, జవాబు లేదు."

సార్, డిగ్రీ ఆడిట్ అంటే డిగ్రీకి కావాల్సినవాటిలో ఏవి అయినాయో, ఏవి మిగిలినాయో చూపించే లెక్క. ముందు అందులో ఆ ఎరుపు సంగతి. పాప ఫెయిలైందని కాదు, ఆ గడి ఇంకా నిండలేదని అర్థం, అంతే. పక్కనే `Still needed` అని రాసి ఏ కోర్సు కావాలో అక్కడే ఉంటుంది. పీడీఎఫ్ మొత్తం చదివినాను, పాప బాగానే చదువుతోంది. మీ 15 ప్లస్ 15 లెక్కే నాకు నచ్చలేదు.

94కి 90కి తేడా ఎక్కడొచ్చిందో రిపోర్ట్ చివర్లో ఉంది, ఎవరూ అంతదాకా పోరు. ఇక్కడ చదివిన మ్యాథ్స్‌ని వాళ్లు క్యాలిక్యులస్ వన్ కింద ఒప్పుకున్నారు, పాప అది తెలియక అక్కడ మళ్లీ అదే కోర్సు చేసింది. ఒకే కోర్సు రెండుసార్లు లెక్కలోకి రాదు కాబట్టి ఆ 4 క్రెడిట్లు అడుగున పడిపోయినాయి. అవి పోయినట్టే, వదిలేయండి.

అసలు చూడాల్సింది ఆ 90లో ఏముందని. సమ్మర్‌లో ఇప్పుడు చదువుతున్న రెండు కోర్సులు, 6 క్రెడిట్లు, పాసయినట్టే అనుకుని లెక్కలో కలిపేసి ఉన్నారు. డిగ్రీ వర్క్స్ అనే ఆ సాఫ్ట్‌వేర్ అట్లనే చేస్తుంది. పేజీ పైన `In-progress classes` అని చిన్న టిక్ బాక్స్ ఉంటుంది, ఆ టిక్ తీసేసి `Process` నొక్కమనండి, 90 కాస్తా 84 అవుతుంది. ఈరోజు చేతిలో నిజంగా ఉన్నది అదే.

ఆ 6 గురించి ఇంత చెప్తున్నానంటే కారణం ఉంది. ఆ రెండింట్లో ఒకటి సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్. వచ్చే ఫాల్ సెమిస్టర్‌లో చేయాల్సిన క్యాప్‌స్టోన్ వన్‌కి, అంటే చివరి ఏడాది పెద్ద ప్రాజెక్టు మొదటి భాగానికి, అది ప్రీరిక్విజిట్, ముందే పూర్తి చేయాల్సిన కోర్సు, అందులో కనీసం సీ గ్రేడ్ రావాలని రిపోర్ట్‌లోనే రాసి ఉంది. డీ వస్తే క్రెడిట్ వస్తుంది, 90 అలాగే కనపడుతుంది, గడి మాత్రం ఎర్రగానే ఉంటుంది. క్యాప్‌స్టోన్ వన్ వీళ్లకి ఫాల్‌లోనే, టూ స్ప్రింగ్‌లోనే. ఇప్పుడు తప్పితే మళ్లీ వచ్చే ఫాల్ దాకా ఆగాల్సిందే, అంటే 3 క్రెడిట్ల కోర్సు కోసం ఏడాది. అందుకే సమ్మర్ గ్రేడ్ మీద డౌట్ ఉంటే ఆగస్టులో రిజల్ట్ వచ్చినాక కాదు, ఇప్పుడే డిపార్ట్‌మెంట్ వాళ్లని అడగాలి, తక్కువ వస్తే సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ మళ్లీ చదువుతూనే క్యాప్‌స్టోన్ వన్ కూడా చేయడానికి ఒప్పుకుంటారా అని.

ఇక మిగిలిన 30. కోర్ కోర్సులు నాలుగు, 12. క్యాప్‌స్టోన్ రెండు, 6. ల్యాబ్‌తో సైన్స్ ఒకటి, 4. రైటింగ్ కోర్సు 3. మొత్తం 25 పాప ఇష్టంతో పనిలేకుండా చెయ్యాల్సినవే, సొంతంగా ఎంచుకోడానికి మిగిలేది 5. అందులోనూ ఒక మెలిక ఉంది. అప్పర్ డివిజన్ అంటే 300, 400 నంబర్ల కోర్సులు 39 క్రెడిట్లు ఉండాలని వీళ్ల రూలు, పాపకి సమ్మర్‌తో కలిపి 15 ఉన్నాయి, ఎందుకంటే ఇక్కడి ఫస్టియర్ అంతా కింది లెవెల్‌గానే పోయింది. ఇంకా 24 కావాలి. కోర్, క్యాప్‌స్టోన్ కలిపి 18 వస్తాయి, మిగతా 6 కోసం రైటింగ్ కోర్సు 300 లెవెల్‌దే తీసుకోవాలి, ఎలక్టివ్‌లో 3 క్రెడిట్లు కూడా పై లెవెల్‌వే ఉండాలి. ఈజీగా ఉంటుందని 100 లెవెల్ కోర్సు తీసుకున్నారనుకోండి, 120 నిండుతాయి, డిగ్రీ మాత్రం రాదు.

ఫాల్‌లో క్యాప్‌స్టోన్ వన్, రెండు కోర్, ల్యాబ్ సైన్స్, రైటింగ్, కలిపి 16. స్ప్రింగ్‌లో క్యాప్‌స్టోన్ టూ, మిగతా రెండు కోర్, ఒక పై లెవెల్ ఎలక్టివ్, 2 క్రెడిట్లది ఏదో ఒకటి, 14. టైంకి అయిపోతుంది. కోర్‌లో ఏది ఏ సెమిస్టర్‌లో పెడతారో మాత్రం పాప డిపార్ట్‌మెంట్‌లో కనుక్కుని ఖాయం చేసుకోవాలి, రిపోర్ట్‌లో ఆ విషయం రాయరు. ఇంకోటి, ఎఫ్-1 వీసా కాబట్టి ఫాల్‌లో 12కి తగ్గకూడదు. చివరి సెమిస్టర్‌లో మిగిలిందే తక్కువైతే ఇంటర్నేషనల్ ఆఫీసులో ముందే పర్మిషన్ తీసుకుని తక్కువ చేయొచ్చు.

ఇప్పుడు మైనర్, అంటే మేజర్‌తో పాటు పక్కన చేసే చిన్న సబ్జెక్టు. ఈ ఏడాది నా దగ్గరికొచ్చిన ప్రతి ఇంట్లోనూ ఏఐ మైనర్ మాటే, నాకు దాని మీద అంత నమ్మకం లేదు సార్. వీళ్ల మైనర్ 15 క్రెడిట్లు, రెండు కోర్సులు కోర్‌లోవే కలుస్తాయి, ఇంకా 9 కావాలి, పాపకి ఖాళీ 5. అంటే 30 కాస్తా 34, సెమిస్టర్‌కి 17, క్యాప్‌స్టోన్‌తో పాటు, ఉద్యోగాల ఇంటర్వ్యూలతో పాటు. పోనీ వీసాకి పనికొస్తుందా అంటే చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోడానికిచ్చే స్టెమ్ ఓపీటీ అదనపు 24 నెలలకి చూసేది మేజర్‌ని, మైనర్‌ని కాదు. పాప మేజర్ కంప్యూటర్ సైన్సే, అది ఎట్లాగూ ఉంది. మెషిన్ లెర్నింగ్ మీద నిజంగా ఆసక్తి ఉంటే ఆ పై లెవెల్ ఎలక్టివ్‌గా అదే తీసుకోమనండి, ఒక కోర్సు బాగా చేసి క్యాప్‌స్టోన్‌లో వాడితే చాలు. పక్కింటి అబ్బాయి చేస్తున్నాడని అయితే వద్దే వద్దు, మీ మెసేజ్‌లో ఆ అబ్బాయి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా.

మైనర్ కుదిరే దారి ఒకటి మాత్రం ఉంది. పాప ఇక్కడ ఫస్టియర్‌లో ఫిజిక్స్ థియరీ వేరే, ల్యాబ్ వేరే కోర్సుగా చదివింది. వాళ్లు రెండిటినీ విడివిడిగా ఉత్త ఎలక్టివ్‌లుగా వేసేసినారు. రెండూ కలిపి ల్యాబ్ సైన్స్‌గా చూడమని పిటిషన్ పెట్టొచ్చు. ఒప్పుకుంటే కొత్త క్రెడిట్లేమీ రావు, ఆ గడి నిండుతుంది, పాపకి 4 ఖాళీ అవుతాయి, 5 కాస్తా 9 అవుతుంది, అప్పుడు మైనర్ ఆ 30లోనే పడుతుంది. అడ్వైజర్ నోటితో సరే అన్నా, మెయిల్‌లో సరే అన్నా లెక్క కాదు, ఆడిట్‌లో ఆ గడి పచ్చగా మారాలి. అప్పటిదాకా మైనర్ డిక్లేర్ చేయొద్దు, అదే సాఫ్ట్‌వేర్‌లో ఊరికే వేసి చూసుకోడానికుండే `What-If`లో పెట్టి చూసుకుంటే చాలు, అక్కడ చూస్తే ఏమీ మారదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. పాప పోర్టల్ పాస్‌వర్డ్ అడిగి తీసుకుని రాత్రుళ్లు మీరు చూస్తున్నానన్నారు, అడ్వైజర్‌కి మీరే మెయిల్ పెట్టినానన్నారు. ఫెర్పా అని 1974 నుంచి అక్కడ చట్టముంది, కాలేజీలో చేరిన పిల్లల రికార్డులు పిల్లలవే, పాప రాసివ్వకుండా మీతో వాళ్లు ఆ వివరాలు మాట్లాడరు. మీ మెయిల్‌కి జవాబు రాలేదంటే అందుకే. రోజూ ఎన్ని క్రెడిట్లు అయినాయని అడిగితే ఆ అమ్మాయి భయంతో 90 అని చెప్తుందే గానీ సమ్మర్‌లో కష్టంగా ఉందని మీతో చెప్పదు. ఇదే ముందు తెలియాల్సింది.

మీ చేతిలో ఉన్న పని వేరే ఉంది. ఆ పిటిషన్‌కి ఫిజిక్స్ థియరీ, ల్యాబ్ రెండిటి సిలబస్ కావాలి, వారానికి ఎన్ని గంటలో ఉండాలి, ఏయే ప్రయోగాలో ఉండాలి, కాలేజీ సీలు ఉండాలి. సోమవారం పొద్దున్నే ఇక్కడి కాలేజీకి పోయి పాప మార్క్స్ మెమో జిరాక్స్ చూపించి, పాప చదివిన సంవత్సరం రెగ్యులేషన్ సిలబస్సే అడగండి, కొత్తది ఇస్తే తీసుకోవద్దు. సీలు వేయించి స్కాన్ చేసి ఆ రోజే పాపకి పంపించండి.