మీటింగ్‌కు మీ బదులు ఇంకొకరిని పంపాలంటే

“సోమవారం నల్లగొండలో హెడ్మాస్టర్ల సమీక్ష ఉంది. అదే రోజు అమ్మకు హైదరాబాద్‌లో కంటి ఆపరేషన్. నా బదులు మా స్కూల్ అసిస్టెంట్‌ను పంపొచ్చా? ఎలా అడగాలి సార్?”

పంపొచ్చు మేడం, కానీ “పంపుతున్నాను” అని రాయకండి, “పంపడానికి అనుమతి ఇవ్వగలరు” అని రాయండి. నేనొకసారి అడగకుండానే మా లెక్కల సార్‌ను పంపాను. “మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?” అని అధికారి అందరి ముందు అడిగితే, పాపం ఆయన ఫైలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ తప్పు నాది.

సమీక్ష పెట్టే అధికారికి ఈ రోజే ఇలా మెసేజ్ పంపండి:

“నమస్కారం సార్. సోమవారం మా అమ్మగారికి కంటి ఆపరేషన్ ఉన్నందున సమీక్షకు హాజరు కాలేకపోతున్నాను. నా బదులు మా పాఠశాల సీనియర్ స్కూల్ అసిస్టెంట్‌ను పంపడానికి అనుమతి ఇవ్వగలరు. హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు వారికి తెలుసు. నేనే చెప్పాల్సిన విషయం ఏదైనా ఉంటే సాయంత్రం 5 తర్వాత ఫోన్‌లో అందుబాటులో ఉంటాను.”

వెళ్లే టీచర్ పేరు, హోదా, ఫోన్ నంబర్ కింద రాయండి. కారణం ఒక్క ముక్కలో చాలు.

మెసేజ్‌కు నీలం టిక్కులు పడితే చూశారనే అర్థం, ఒప్పుకున్నారని కాదు. సాయంత్రంలోగా జవాబు రాకపోతే ఫోన్ చేసి అడగండి. “సరే” అన్నాక మీ సంతకం, స్కూల్ ముద్రతో చిన్న లెటర్ రాసి టీచర్ చేతికివ్వండి. స్కూల్ తరఫున దేనికి ఒప్పుకోవచ్చో, దేనికి “మేడంను అడిగి చెప్తాను” అనాలో ముందే చెప్పండి. మాకు గొడవంతా అక్కడే వచ్చింది.

మీరూ వెళ్లి, తోడుగా ఆ టీచర్‌ను తీసుకెళ్లాలన్నా ముందే అడగాలి. అప్పుడు “ఫలానా వివరాలు చెప్పడానికి” అని రాస్తే సరిపోతుంది.