అలసంద మేతకు బూజు ఎందుకు పడుతోంది?

ప్రశ్న: మాది హైదరాబాద్ పక్కన చేవెళ్ల. ఎండాకాలానికని గడ్డి, అలసంద కలిపి ఎండబెట్టి దాచాను. పైకి బాగా ఎండినట్టే ఉంది, నెలకే లోపల బూజు పట్టింది. తప్పెక్కడ?

జవాబు: తప్పు అలసంద కాడలో ఉంది. గడ్డి, అలసంద ఆకు త్వరగా ఎండిపోతాయి, లావు కాడలో మాత్రం తేమ నిలిచిపోతుంది. ఆకును చూసి ఎండిందనుకుని వామి వేస్తే ఆ తేమ లోపలే ఉడుకుతుంది. అందుకే ఈసారి రెండూ విడిగా ఆరబెట్టండి.

అలసందను పూత మొదలైనప్పుడు, వానలు తెరిపిచ్చాక, మంచు ఆరిన తర్వాత కోయండి. మొదటి రోజు పలచగా పరవండి. ఆకు పెళుసెక్కేలోపు చిన్న కుప్పలుగానో, కర్రల పందిరి మీదో నీడకు మార్చండి. తిరగేసే పని పొద్దున్నే, ఆకు కాస్త మెత్తగా ఉన్నప్పుడే చేయాలి. మిట్టమధ్యాహ్నం కదిపితే ఆకంతా నేలపాలు, మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది అందులోనే.

తేమ 15 శాతం దాకా దిగాలి. వంద కిలోల పచ్చిమేతలో 80 శాతం నీరుంటే చివరికి మిగిలేది సుమారు 23 కిలోలే. ముప్పై తూగితే ఇంకా ఆరలేదన్నమాట. తూకం కుదరకపోతే పొడి గాజుసీసాలో తరిగిన కాడలు, చెంచాడు పొడి ఉప్పు వేసి రెండు నిమిషాలు ఊపండి. ఉప్పు ముద్ద కడితే ఇంకా ఎండాలి.

నిల్వకు నేల మీద కర్రలు పరిచి, గోడకు జానెడు ఎడం వదలండి. మొదటి రెండు వారాలు వామిలోకి ఇనుప చువ్వ గుచ్చి, కాసేపాగి తీసి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే వెంటనే విప్పి ఆరబోయాలి. బూజు పట్టినదాన్ని దులిపి పెట్టొద్దు, ఎరువు గుంతలో వేసేయండి.