నల్ల డై ఎర్రబడుతుంటే ముందు డెవలపర్ సంగతి చూడండి

ప్రశ్న: జుట్టుకి నల్ల డై వేసుకున్న మూడు నాలుగు వారాలకే ఎర్రగా, గోధుమ రంగులోకి తిరిగిపోతోంది. మొదటి రోజున్న నలుపు నిలవాలంటే ఏం చేయాలి?

ఎండలో ఒక పాయ పట్టుకుని చూడండి. ఎర్రబడినవి నెరిసిన వెంట్రుకలా, లేక మొదటి నుంచీ నల్లగా ఉన్నవా? జవాబు దీన్ని బట్టే మారుతుంది.

నాకు కణతల దగ్గరే నెరిసింది. అయినా అక్కడ రంగు బాగానే ఉండేది, నెరవని జుట్టు చివర్లు మాత్రం ఇటుక రంగుకి తిరిగేవి. అలాంటప్పుడు కారణం డెవలపర్, అంటే డైలో కలుపుకునే రెండో క్రీమ్ లేదా ద్రవం. అందులోని హైడ్రోజన్ పెరాక్సైడ్ డైని వెంట్రుక లోపల రంగుగా మారుస్తుంది, పనిలో పనిగా జుట్టు సొంత నలుపుని కొంత బ్లీచ్ చేసేస్తుంది. నల్లజుట్టు రంగు పలచబడితే బయటపడేది ఎరుపే. డై దాన్ని కొన్నాళ్లు కప్పి ఉంచుతుంది, తలస్నానాలకి కాస్త కాస్తగా పోతుంది, కింది ఎరుపు కనిపిస్తుంది. అది చూసి మళ్లీ తలంతా డై పూస్తాం. చివర్లు ఇంకోసారి బ్లీచయి, గుల్లబారి, ఈసారి రంగుని ఇంకా త్వరగా వదిలేస్తాయి.

అందుకే నేను మొదళ్లకీ చివర్లకీ వేర్వేరుగా వేస్తాను. కొత్తగా వచ్చిన మొదళ్లకి మామూలు డై, 6 శాతం (20 వాల్యూమ్) డెవలపర్‌తో. నెరుపు కప్పడానికి అది చాలు. 9, 12 శాతాలు జుట్టు రంగుని లేతగా చేయడానికి వాడేవి, నలుపుకి వాటితో పనే లేదు. పాత జుట్టుకి మెల్లగా వెలిసిపోయే డెమీ పర్మనెంట్ రంగు, 3 శాతం లేదా అంతకన్నా తక్కువ డెవలపర్‌తో, అదీ వెలిసినప్పుడే. అన్నట్టు, డబ్బా మీద 'అమ్మోనియా లేదు' అని ఉంటే పెరాక్సైడ్ కూడా లేదని కాదు. శాతం చూసుకోండి.

షేడ్‌లో కాస్త నీలం ఉంటే ఎరుపు అణుగుతుంది. పూర్తి బ్లూ బ్లాక్ నా ముఖానికి విగ్గులా అనిపించింది, అందుకే మూడు వంతుల మామూలు నలుపుకి ఒక వంతు బ్లూ బ్లాక్ కలుపుతాను, ఒకే బ్రాండ్‌వి.

మీకు నెరిసినవే ఎర్రబడుతుంటే కథ వేరు. వాటిలో బ్లీచవడానికి సొంత రంగే ఉండదు, కాబట్టి వెలిసేది డైయే. చాలాసార్లు త్వరగా కడిగేయడమే కారణం. నెరిసిన వెంట్రుక మొండిది, డబ్బా మీద రాసిన సమయం పూర్తిగా ఉంచండి.

తర్వాత రెండు మూడు రోజులు షాంపూ వద్దు. ఆపైన గోరువెచ్చని నీళ్లు, సల్ఫేట్ లేని షాంపూ, ఎండలోకి వెళ్తే తలకి స్కార్ఫ్. మధ్యలో నీలి రంగు కండిషనర్ ఎరుపుని కొన్ని రోజులు అణుస్తుంది గానీ, బాగా గుల్లబారిన చివర్ల మీద అదీ నిలవదు. అవి కత్తిరించుకోవడమే మేలు.

ఏ కొత్త డై అయినా 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రాసి చూడండి. దురదొచ్చినా, ఎర్రబడినా తలకి పెట్టకండి.