తెలుగు సర్టిఫికెట్‌లో లేని రోజులు ఇంగ్లీషులో పుట్టవు

ప్రశ్న: షార్జాలో ఒక కంపెనీలో మూడేళ్లుగా డ్రైవర్‌ని. సెలవు మీద ఊరొచ్చాక కామెర్లు వచ్చాయి. జూన్ 11న డ్యూటీలో చేరాల్సింది, జూలై 5న చేరాను. మా ఊరి డాక్టర్ గారు తెలుగులో రాసిచ్చిన కాగితం పంపితే, వారంలోగా ఇంగ్లీషులో తెమ్మన్నారు. లేకపోతే ఆబ్సెంట్ అంటున్నారు. టైపింగ్ సెంటర్‌లో చేయించిన తర్జుమా, ఒరిజినల్ ఫోటో పంపుతున్నాను. మధ్యలో రెండుసార్లు చూపించుకున్నాను. ఆ చీటీలు, రక్త పరీక్ష రిపోర్టులు ఉన్నాయి. ఇద్దరు పిల్లలు, అప్పు ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ టెన్షన్ భాష గురించి. నాకు కనిపిస్తున్న చిక్కు తేదీలది.

ఒరిజినల్‌లో డాక్టర్ గారు రాసింది 'జూన్ 8 నుంచి వారం పది రోజులు పూర్తి విశ్రాంతి అవసరం' అని. ఎంత సాగదీసినా అది జూన్ 17తో అయిపోతుంది. జూన్ 18 నుంచి జూలై 4 దాకా 17 రోజులకు ఆ కాగితంలో ఆధారమే లేదు. యూఏఈ కార్మిక చట్టం 44వ అధికరణ ప్రకారం సరైన కారణం లేకుండా ఏడాదిలో వరసగా ఏడు రోజులకు మించి రాకపోతే, విచారణ జరిపి నోటీసు లేకుండానే తీసేయవచ్చు. మీ కేసు తేలేది ఈ 17 రోజుల దగ్గరే.

ఇక మీ టైపింగ్ సెంటర్ తర్జుమా. 'వారం పది రోజులు' అన్నది అందులో 'ఫోర్ వీక్స్' అయింది. సరిగ్గా మీరు చేరిన రోజుకు సరిపోయేలా! ఇది ఎవరి సలహానో నేను అడగను గానీ, ఆ కాగితం పంపకండి. అదే 44వ అధికరణలో తప్పుడు పత్రాలు ఇవ్వడం కూడా ఉద్యోగం తీసేయడానికి ఒక కారణం. ఒరిజినల్ ఇప్పటికే కంపెనీ చేతిలో ఉంది. తెలుగు చదవగలిగిన మనిషి షార్జాలో దొరకడా? పైగా 'కామెర్లు' అన్నచోట 'హెపటైటిస్ బి' అని రాశారు. గల్ఫ్ మెడికల్‌లో ఆ పేరు ఎలాంటి తంటా తెస్తుందో మీకు తెలియంది కాదు. డాక్టర్ రాయని జబ్బును మీరే మీకు అంటగట్టుకున్నారు. సంతకం పెట్టేముందు ఒక్కసారి చదివించుకోవాల్సింది.

తర్జుమా మళ్లీ చేయించండి. కామెర్లను 'జాండిస్' అని, వారం పది రోజులను 'ఎ వీక్ టు టెన్ డేస్' అని, ఉన్నది ఉన్నట్టే రాయాలి. లెటర్‌హెడ్, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు, స్టాంపు మీది అక్షరాలు కూడా వదలకూడదు. చదవలేని చోట చదవలేకపోయామనే రాయాలి. నెలను అంకెలో కాక పేరుతో వేయాలి. కింద తర్జుమా చేసినవారు తమకు రెండు భాషలూ వచ్చని, ఇది పూర్తి, సరైన తర్జుమా అని రాసి పేరు, తేదీ, సంతకం పెట్టాలి. నోటరీ ముద్ర ఉంటే మంచిదే కానీ, నోటరీ చూసేది సంతకం ఎవరిదన్నదే, తర్జుమా సరైనదా కాదా అన్నది కాదు.

ఆ 17 రోజుల సంగతి డాక్టర్ గారి దగ్గరే తేలాలి. మన దేశంలో 2002 నాటి వైద్య ప్రవర్తనా నియమావళి ప్రకారం ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్ వివరాలూ డాక్టర్ రిజిస్టర్‌లో ఉండాలి, కాపీ కూడా ఉంచాలి. మీ రెండు చీటీలు, రిపోర్టులు పట్టుకెళ్లి, ఎప్పుడెప్పుడు చూశారో, ఏ తేదీ దాకా పనికి వెళ్లే స్థితిలో లేరో రెండో సర్టిఫికెట్ ఇవ్వమనండి. ఇంగ్లీషులోనే ఇవ్వమనండి, తర్జుమా గొడవ ఉండదు. మీరు షార్జాలో ఉంటే అవి ఇంట్లోవాళ్లతో పంపండి. దాని మీద ఇవాల్టి తేదీయే ఉండాలి. పాత తేదీ వేయమని బతిమాలొద్దు. ఆయన వేస్తానన్నా మీరు ఒప్పుకోవద్దు. చీటీలు ఎంతవరకు చెబుతాయో అంతవరకే రాయించండి.

మీరు రాయని విషయం ఒకటి ఉంది: జబ్బు సంగతి కంపెనీకి ఎప్పుడు చెప్పారు? యూఏఈ కార్మిక చట్టం 31వ అధికరణ ప్రకారం మూడు పనిదినాల్లోగా తెలియజేయాలి. ఫోన్‌లో నోటిమాటగా చెప్పి ఊరుకుంటే రుజువు కష్టం. వాట్సాప్ మెసేజ్ అయితే ఆ చాట్ తుడిచేయకుండా తేదీ కనిపించేలా భద్రం చేయండి, సర్టిఫికెట్లతో కలిపి ఈమెయిల్‌లో పంపండి.

ఇవన్నీ కుదిరితే 24 రోజుల్లో మొదటి 15కి పూర్తి జీతం, మిగతా 9కి సగం రావాలి. జీతం కోసినా, తీసేసినా ముందు అక్కడి ప్రభుత్వ మానవ వనరుల శాఖలో ఫిర్యాదు చేయాలి. ఆ చట్టానికి 2024లో వచ్చిన సవరణ తర్వాత దావాకు గడువు ఉద్యోగం ముగిసిన రోజు నుంచి రెండేళ్లు. కోర్టు దాకా వెళ్తే ఇంగ్లీషు కూడా చాలదు, అక్కడ లైసెన్సు ఉన్న అనువాదకులతో అరబిక్‌లో చేయించాలి. మీరు ఉన్నది ఇళ్లలో పని చేసేవారి వీసా మీద అయితే చట్టం వేరు, అప్పుడు కాంట్రాక్టు కాపీ పంపి మళ్లీ అడగండి.