212 మంది జవాబులతో ప్రసంగం: పరిమితులు చివరి స్లైడ్‌కి తోసేయకండి

ప్రశ్న: మా లైబ్రరీకి 9,000 మంది సభ్యులు. వాళ్లలోంచి లాటరీ పద్ధతిలో తీసిన 600 మందికి సర్వే పంపితే 212 మంది జవాబిచ్చారు. రాత్రి పది దాకా తెరిచి ఉంచాలా అంటే 131 మంది అవునన్నారు. దీని మీద పదిహేను నిమిషాలు మాట్లాడాలి. శాంపిల్ చిన్నదని ముందే చెబితే ఎవరైనా వింటారా?

వింటారండీ. వినేవాళ్లకి చిరాకు తెప్పించేది చిన్న శాంపిల్ కాదు, ఆ సంఖ్యని చివరిదాకా దాచడం. "పరిమితులు" అని ఆఖర్న ఒక స్లైడ్ పెట్టి ముప్పై సెకన్లలో చదివేసే అలవాటు పూర్తిగా పోవాలని నా అభిప్రాయం. అప్పటికే "62 శాతం" అనే మాట అందరి నోట్సులోకీ ఎక్కేసి ఉంటుంది. దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాదు.

రెండో స్లైడ్‌లోనే మూడు అంకెలు పెద్దగా పెట్టండి: 9,000, 600, 212. నోటితో ఇలా చెప్పండి: "600 మందిని అడిగాం, 212 మంది జవాబిచ్చారు, అంటే మూడింట ఒకరికి కాస్త ఎక్కువ. ఇకపై నేను చెప్పే ప్రతి శాతమూ ఈ 212 మందిది." ఫలితం స్లైడ్ మీద శీర్షిక "సభ్యుల్లో 62 శాతం" అని ఉండకూడదు, "జవాబిచ్చినవారిలో 62 శాతం" అని ఉండాలి. దాని కింద మీరు అడిగిన ప్రశ్న అక్షరం పొల్లుపోకుండా పెట్టండి. "తెరిచి ఉంచితే బాగుంటుందా?" అని అడిగితే వచ్చే అవునులు వేరు, "ఉంచితే మీరు వస్తారా?" అంటే వచ్చేవి వేరు. కొన్ని ప్రశ్నలు కొందరు వదిలేస్తారు కాబట్టి, ఏ ప్రశ్నకి ఎంతమంది జవాబిచ్చారో ఆ స్లైడ్ మీదే రాయండి.

ఇక పొరపాటు పరిధి, అంటే లాటరీలో వేరేవాళ్లు తగిలి ఉంటే ఈ శాతం అటూ ఇటూ సుమారుగా ఎంత కదిలేదో ఆ లెక్క. 131ని 212తో భాగిస్తే 61.8 శాతం. ఈ సూత్రంలో p అంటే ఆ భాగం (0.618), n అంటే 212:

```
1.96 * sqrt(p * (1 - p) / n)
```

0.065 వస్తుంది, అంటే అటూ ఇటూ 6.5 పాయింట్లు. "సుమారు 55 నుంచి 68 మధ్య" అని చెప్పండి. ఇంత వెడల్పు ఉన్నచోట 61.8 అని దశాంశం చూపడం లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు నటించడమే.

చాలామంది ఇక్కడితో నిజాయితీ పూర్తయిందనుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆ 6.5 పాయింట్లు చీటీ ఎవరికి తగిలిందన్న అదృష్టాన్ని మాత్రమే లెక్కిస్తాయి, జవాబివ్వని 388 మంది సంగతి వాటికి తెలియదు. ఆ 388 మందిలో 40 శాతమే అవునంటారనుకుందాం, అంటే 155 మంది. 131 కలిపితే 600లో 286, అంటే 48 శాతం. మెజారిటీ పోయింది! ఈ లెక్కని ఒక స్లైడ్ మీద అలాగే చూపండి. శాంపిల్ పెంచితే ఈ జబ్బు నయం కాదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి బ్యాలెట్లు పంపింది, ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు.

అలాగని చేతులెత్తేయక్కర్లేదు. సభ్యుల జాబితాలో మీకు ముందే తెలిసిన విషయంతో పోల్చి చూడండి. ఉదాహరణకి 600 మందిలో కొత్త సభ్యులు 180 మంది, జవాబిచ్చినవారిలో 38 మందే అనుకుందాం. అంటే కొత్తవాళ్లు 30 శాతం ఉండాల్సిన చోట 18 శాతమే ఉన్నారు. ఆ 38 మందిలో 27 మంది, మిగతా 174 మందిలో 104 మంది అవునన్నారనుకోండి. కొత్తవాళ్లకి 30, పాతవాళ్లకి 70 వంతు బరువిచ్చి మళ్లీ లెక్కిస్తే 63 శాతం వస్తుంది. దాదాపు కదల్లేదు. ఇది ధైర్యంగా చెప్పొచ్చు. కానీ ఎవరు ఎంత తరచుగా వస్తారో జాబితాలో లేకపోతే, రోజూ వచ్చేవాళ్లే ఎక్కువగా జవాబిచ్చారేమో అన్న అనుమానం అలాగే ఉంటుంది. అది కూడా అక్కడే చెప్పండి.

ఈ లెక్క చూడగానే "కొత్తవాళ్లు రాత్రివేళ ఎక్కువ కోరుతున్నారు" అనాలనిపిస్తుంది, 71కి 60 కదా. అనకండి. ఆ 11 పాయింట్ల తేడాకి పొరపాటు పరిధే 16 పాయింట్లు, తేడా అసలు లేకపోయినా ఇలా రావొచ్చు. యాభైకి లోపు గుంపులకి శాతాలు వాడకుండా "38 మందిలో 27 మంది" అనండి. వినేవాళ్లే ఆ సంఖ్య ఎంత చిన్నదో చూసుకుంటారు.

"అయితే తెరవాలా వద్దా?" అని ఎవరో తప్పకుండా అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి: "జవాబిచ్చినవాళ్లలో సగానికి పైగా కోరుకుంటున్నారు. సభ్యులందరిలోనూ అంతేనా అన్నది ఈ సర్వే తేల్చదు. జవాబివ్వని 388 మందిలోంచి లాటరీతో యాభై మందిని తీసి ఫోన్ చేసి ఇదే ప్రశ్న అడిగితే, వాళ్లు ఈ 212 మందికి బాగా భిన్నంగా ఉన్నారో లేదో కొంత తెలుస్తుంది."