500 కింద స్టాప్‌లాస్: గుంపును దాటి ఎక్కడ పెట్టాలి

ప్రశ్న: నా స్టాప్‌లాస్ కొట్టేసి మరీ షేరు పైకి వెళ్లిపోతోంది. ఆపరేటర్లకు నా ఆర్డర్ కనిపిస్తోందా? స్టాప్ ఎక్కడ పెట్టాలి?

కనిపించదు. ఎన్‌ఎస్‌ఈలో ట్రిగ్గర్ ధర తగిలేదాకా స్టాప్‌లాస్ ఆర్డర్ మార్కెట్ డెప్త్‌లోకే రాదు. అసలు చూడాల్సిన పని కూడా లేదు, అందరూ పెట్టేది ఒక్కచోటే కాబట్టి. "పాత లో కింద రెండు టిక్కులు" అని వీడియోల్లో ఏళ్ల తరబడి అదే పాఠం చెబుతున్నారు, స్టాప్‌లన్నీ అక్కడే పోగుపడుతున్నాయి. న్యూయార్క్ ఫెడ్‌లో పనిచేసిన క్యారొల్ ఆస్లర్ ఒక పెద్ద బ్యాంకు కరెన్సీ ఆర్డర్లు పరిశీలించినప్పుడూ ఇదే తేలింది: లాభం తీసుకునే ఆర్డర్లు సరిగ్గా రౌండ్ నంబర్ మీద, స్టాప్‌లు దాన్ని దాటిన వెంటనే.

ఒక షేరు 502 దాకా పడి లేచిందనుకోండి. 506లో కొన్నవాళ్లలో కొందరి స్టాప్ 501.50, మిగతావాళ్లది 500 పగిలాక 499.90, 499.50, 499. అన్నీ అమ్మకాలే. భారీగా కొనాలనుకునేవాడికి అంత సరుకు ఒక్కసారిగా దొరికేది అక్కడే. ఒక స్టాప్ అమ్మకం కింది స్టాప్‌ను తగిలిస్తుంది, ధర 498 దాకా జారుతుంది, అమ్మేవాళ్లు అయిపోగానే లేస్తుంది. దీనికి ప్రతిసారీ కుట్రే అక్కర్లేదు. షార్ట్ చేసినవాళ్లకు పాత హై పైన జరిగేదీ ఇదే, తలకిందులుగా.

కాబట్టి గుంపు చివర 499 అని గుర్తించి, అక్కణ్నుంచి ఇంకొంచెం దిగండి. ఎంత అనేది ఏటీఆర్, అంటే ఒక్కో క్యాండిల్‌లో ధర సగటున ఊగే దూరం, చెబుతుంది. 15 నిమిషాల చార్టులో 14 క్యాండిళ్ల ఏటీఆర్ 3 రూపాయలైతే, అందులో సుమారు 87 శాతం, అంటే 2.60, ఆ 499లోంచి తీసేసి 496.40 దగ్గర పెట్టండి. 495 కింద మాత్రం వద్దు, అక్కడ ఇంకో గుంపు ఉంటుంది.

చాలామంది తప్పేది ఇక్కడే: స్టాప్ దూరం జరుపుతారు, క్వాంటిటీ తగ్గించరు. ఈ ట్రేడ్‌లో 2,000కు మించి పోకూడదనుకుంటే, 501.50 స్టాప్‌కు నష్టం షేరుకు 4.50, అంటే 444 షేర్లు. 496.40కి నష్టం 9.60, అంటే 208 షేర్లే. టార్గెట్ 515 అయితే 9 రూపాయల లాభానికి 9.60 రిస్కు అవుతుంది, ఆ ట్రేడ్ వదిలేయాలి. దానికంటే ధర కిందికి జారి ఆ స్టాప్‌లన్నిటినీ ఊడ్చేసే ఊడ్పు అయ్యేదాకా ఆగడమే మంచిది: 498 తాకిన క్యాండిల్ మళ్లీ 502 పైన క్లోజ్ అయితే 503లో కొని అదే 496.40 స్టాప్ పెట్టండి, రిస్కు 6.60, లాభం 12. వరసగా రెండు క్యాండిళ్లు 499 కిందే క్లోజ్ అయితే దాన్ని ఊడ్పు అనుకోవద్దు, నిజంగానే పగిలింది.

ఎస్‌ఎల్ లిమిట్ ఆర్డర్‌లో ట్రిగ్గర్ 496.40 ఇచ్చి లిమిట్ కూడా అంతే ఇవ్వకండి. వేగంగా పడితే ధర దాటిపోతుంది, ఆర్డర్ ఓపెన్‌లోనే వేలాడుతుంది. లిమిట్ 495.40 ఇస్తే అమ్ముడయ్యే అవకాశం ఎక్కువ. రాత్రి వార్తతో మర్నాడు 485లో తెరుచుకుంటే మాత్రం ఏ స్టాప్ అయినా ఒకటే.